అక్షరాలన్నీ కనిపిస్తున్నా ఎందుకీ తలనొప్పి?

మధ్యాహ్నం భోజనం దాకా ఏమీ ఉండదు. మూడు, మూడున్నర అయ్యేసరికి కనుబొమ్మల పైన బరువుగా మొదలవుతుంది. మెల్లగా నుదురంతా పాకుతుంది. ఐదింటికల్లా కణతలు నొక్కుకుంటూ స్క్రీన్ వైపు చూడాల్సి వస్తుంది. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే వాళ్లలో ఈ నొప్పి తెలియనివాళ్లు తక్కువ. టీ తాగుతారు, బామ్ రాసుకుంటారు, మరీ భరించలేకపోతే ఒక మాత్ర వేసుకుంటారు. కళ్ల వల్లేమో అని అనుమానం వచ్చి కళ్లద్దాల షాపుకు వెళ్తే, అక్కడ చార్టు మీది అక్షరాలు చివరి వరస దాకా గడగడా చదివేస్తారు. ‘సిక్స్ బై సిక్స్ అండీ, మీకు సైటు లేదు’ అంటారు షాపులో. దాంతో కళ్ల మీద అనుమానం తీరిపోతుంది. తలనొప్పి మాత్రం మర్నాడు మళ్లీ మూడున్నరకు వస్తుంది.

చిక్కంతా ఆ చార్టు అడిగే ప్రశ్నలోనే ఉంది. ఆరు మీటర్ల దూరంలో ఉన్న అక్షరాన్ని ఒక్క క్షణం స్పష్టంగా చూడగలరా అని మాత్రమే అది అడుగుతుంది. ఆ స్పష్టత కోసం కన్ను ఎంత కష్టపడిందో అడగదు. అర మీటరు దూరంలోని స్క్రీన్ మీద అదే స్పష్టతను ఎనిమిది గంటలు నిలబెట్టగలదా అనీ అడగదు. ఆఫీసు పని అడిగేది మాత్రం సరిగ్గా ఈ రెండో ప్రశ్నే. అందుకే చార్టు ముందు నెగ్గిన కన్ను బల్ల ముందు అలసిపోతుంది.

కంటి లోపల ఏం జరుగుతుందో చూద్దాం. నల్లగుడ్డు వెనక మెత్తటి లెన్స్ ఒకటి ఉంటుంది. దాని చుట్టూ ఉంగరంలా సిలియరీ కండరం ఉంటుంది. సైటు ఏమీ లేని కన్ను దూరంగా చూస్తున్నప్పుడు ఆ కండరం వదులుగా ఉంటుంది, పని ఉండదు. దగ్గరి వస్తువును చూడాలంటే కండరం బిగుసుకోవాలి, అప్పుడు లెన్స్ ఉబ్బి ఫోకస్ దగ్గరకు వస్తుంది. ఈ శ్రమను కొలిచే ప్రమాణం డయాప్టర్. అద్దాల పవర్ కొలిచేదీ దాంతోనే. లెక్క సులువు: 100ను సెంటీమీటర్లలోని దూరంతో భాగిస్తే సరి. స్క్రీన్ 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 2 డయాప్టర్లు, బల్ల మీది కాగితం 40 సెంటీమీటర్లలో ఉంటే రెండున్నర, చేతిలోని ఫోన్ 33 సెంటీమీటర్లలో ఉంటే 3. ఆరు మీటర్లు దాటితే శ్రమ దాదాపు సున్నా.

రెండు డయాప్టర్లంటే ముప్పై ఏళ్ల కంటికి పెద్ద బరువేమీ కాదు. ఇబ్బంది బరువులో లేదు, దించకుండా మోయడంలో ఉంది. నిండు చెంబును చేయి చాచి పట్టుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. పది నిమిషాలు అలాగే నిలబడమంటే భుజం వణుకుతుంది. స్క్రీన్ ముందు ఈ కండరం సరిగ్గా అలాగే గంటల తరబడి ఒకే బిగువులో ఉంటుంది. దానితోపాటు రెండు కళ్లనూ ముక్కు వైపు తిప్పి ఒకే చోట నిలిపే కండరాలు కూడా పని చేస్తూనే ఉంటాయి. ఇంత సేపు బిగిసిన కండరం లేవగానే వదులు కాదు. అందుకే సాయంత్రం ఆఫీసులోంచి బయటికి రాగానే బస్సు బోర్డు కొంతసేపు మసగ్గా కనిపించి, తర్వాత తేటపడుతుంది. అలా కనిపిస్తే దూరపు చూపు పోయిందని భయపడక్కర్లేదు. ఫోకస్ ఇంకా దగ్గర్లోనే ఇరుక్కుని ఉందన్నమాట.

అయితే ముందుగా ఒక హెచ్చరిక. తలనొప్పి అనగానే అద్దాలు రాయించుకోవడం మనకు అలవాటైపోయింది. నిజానికి తలనొప్పుల్లో ఎక్కువ భాగం కళ్ల వల్ల వచ్చేవి కావు. కళ్ల వల్ల వచ్చే నొప్పికి కొన్ని గుర్తులున్నాయి. నిద్ర లేచేసరికి అది ఉండదు. కంటిపని మొదలైన కొన్ని గంటలకు వస్తుంది. రెండు వైపులా, కళ్ల చుట్టూ, నుదుటి మీద మొద్దుగా ఉంటుంది, పోటు పెట్టదు. పని ఆపితే తగ్గుతుంది. సెలవు రోజు దాదాపు కనిపించదు, ఆ రోజంతా ఫోన్ పట్టుకుని కూర్చుంటే తప్ప. ఒక పక్కనే దడదడా కొట్టుకుంటూ, వికారం పుట్టి, వెలుతురు చూడలేకపోతుంటే అది మైగ్రేన్ కావచ్చు. స్క్రీన్ దాన్ని రెచ్చగొట్టగలదు, కానీ అద్దాలు దానికి మందు కావు.

మరికొన్ని లక్షణాలకు కళ్లద్దాల షాపు దారే పట్టకూడదు. ఉన్నట్టుండి చూపు తగ్గడం, ఒకటి రెండుగా కనిపించడం, రెప్ప వాలిపోవడం, తెల్లవారుజామున నొప్పితో మెలకువ వచ్చి వాంతి కావడం, కన్ను ఎర్రబడి భరించలేని నొప్పితో దీపాల చుట్టూ రంగుల వలయాలు కనబడటం. వీటిలో ఏది వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. చివరిది నీటికాసుల్లో ఒక రకం. దాంట్లో గంటల తేడాతో చూపు పోవచ్చు. యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పిని కూడా స్క్రీన్ ఖాతాలో వేయకూడదు. మాత్రల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మామూలు నొప్పి మాత్రలైనా నెలలో పదిహేను రోజులకు మించి, వరసగా మూడు నెలలు వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. కంటి శ్రమను మాత్రతో నెట్టుకొచ్చేవాళ్లు తమకు తెలియకుండానే రెండో రోగాన్ని తెచ్చుకుంటున్నారు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఇలాంటి కేసులు కంటి వైద్యుల దగ్గర తరచూ కనిపిస్తాయి కాబట్టి ఒక ఉదాహరణ కల్పించుకుని లెక్క చూద్దాం. సునీత అనే ఆవిడ, వయసు 37, విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తారనుకుందాం. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా పక్కనున్న బిల్లుల కట్ట చూసి కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె పని. రిటర్న్‌లు దాఖలు చేసే రోజుల్లో రాత్రి తొమ్మిది కూడా అవుతుంది. అద్దాలు లేవు. చార్టు రెండు కళ్లతోనూ చివరి దాకా చదువుతారు. తలనొప్పి మాత్రం వారంలో నాలుగైదు రోజులు వస్తోంది.

ఆమెకు ఎవరూ కనిపెట్టని 1.25 ప్లస్ పవర్ ఉందనుకోండి. ప్లస్ పవర్ ఉన్న కన్ను వదులుగా ఉన్నప్పుడు దూరపు వస్తువు మీద కూడా ఫోకస్ నిలవదు. మామూలు కన్ను ఖాళీగా కూర్చునే చోట ఆ కన్ను 1.25 డయాప్టర్లు కష్టపడి స్పష్టత తెచ్చుకుంటుంది. ఆ కష్టం మనిషికి తెలియదు. చిన్నప్పటి నుంచీ అలాగే చూస్తోంది కాబట్టి అదే మామూలు అనుకుంటుంది. వయసులో ఉన్నంత కాలం కంటికి శక్తి పుష్కలం కాబట్టి చార్టులో లోపమూ బయటపడదు.

ఇప్పుడు కూడిక చేద్దాం. స్క్రీన్‌కు కావాల్సినవి 2, అడుగున ఎప్పుడూ ఉండే 1.25 కలిపితే 3.25. బల్ల మీది బిల్లుకు రెండున్నర, ఆ 1.25 కలిపితే 3.75. మరి ఆమె కంటి దగ్గర నిల్వ ఎంత ఉంది? వయసు పెరిగేకొద్దీ లెన్స్ గట్టిపడి ఈ శక్తి తగ్గుతుంది. కంటి పరీక్షల్లో వాడే ఒక పాత సూత్రం ప్రకారం వయసును నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని పదిహేనులోంచి తీసేస్తే కనీసం ఉండాల్సిన శక్తి తెలుస్తుంది. ముప్పై ఏడేళ్లకు అది 5.75. ఇదంతా ఒక క్షణానికి వాడగలిగే శక్తి. గంటల తరబడి హాయిగా వాడుకోవాలంటే అందులో సగానికి మించకూడదన్నది పరీక్షకుల అనుభవం. సగం అంటే 3కు కాస్త తక్కువ. సునీత కన్ను స్క్రీన్ దగ్గరే ఆ గీత దాటేసింది, బిల్లు దగ్గర ఇంకా బాగా దాటింది. పదేళ్ల కిందట, 27 ఏళ్ల వయసులో అదే పని, అదే 1.25. కానీ అప్పటి నిల్వ ఎనిమిది పైన, అందులో సగం నాలుగు పైన. అందుకే అప్పుడు నొప్పి లేదు. ‘ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, ఇప్పుడెందుకు వచ్చింది’ అని చాలామంది అడిగే ప్రశ్నకు జవాబు ఈ తీసివేతలో ఉంది.

కంటికి విరామం ఇమ్మని అందరూ చెప్తారు. ప్రతి ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల దూరంలోకి, ఇరవై సెకన్ల పాటు చూడమనే సూత్రం ప్రచారంలో ఉంది. 1990 దశకంలో జెఫ్రీ ఆన్షెల్ అనే అమెరికన్ ఆప్టోమెట్రిస్ట్ జనం గుర్తుపెట్టుకోవడానికి వీలుగా ఈ మాట ప్రచారంలోకి తెచ్చారు. ఇరవై అడుగులంటే ఆరు మీటర్లు, ఆ దూరంలో ఫోకస్ శ్రమ దాదాపు పోతుంది. ఇరవై నిమిషాలకూ ఇరవై సెకన్లకూ మాత్రం అంత గట్టి ఆధారం లేదు. యువకుల చేత టాబ్లెట్ మీద నలభై నిమిషాలు చదివించి, మధ్యలో ఇరవై సెకన్ల విరామాలు ఇచ్చి చూసిన న్యూయార్క్ ప్రయోగంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. స్పెయిన్ పరిశోధకులు పాల్గొన్న మరో అధ్యయనంలో రెండు వారాల పాటు కంప్యూటరే గుర్తుచేస్తూ విరామాలు తీసుకునేలా చేస్తే కంటి బాధలు తగ్గాయి. గుర్తుచేయడం ఆపేసిన వారానికి ఆ మేలు నిలవలేదు. నాకర్థమైనది ఇదీ: ఇరవై సెకన్లు అన్నది అడుగు హద్దు, మందు మోతాదు కాదు. చూపు నిజంగా దూరంలోకి వెళ్లి అక్కడ నిలవడమే ముఖ్యం. ఒక నిమిషం దొరికితే నిమిషం, గంటకోసారి లేచి ఐదు నిమిషాలు నడవగలిగితే ఇంకా మంచిది.

చాలామంది ఈ విరామాన్ని పాడు చేసేది ఫోన్‌తో. స్క్రీన్ నుంచి తల తిప్పి ఫోన్ తీస్తారు. 2 డయాప్టర్ల పని ఆపి 3 డయాప్టర్ల పని మొదలుపెట్టారన్నమాట. మెదడుకు అది విరామమే కావచ్చు, కంటికి మాత్రం కాదు. కళ్లు మూసుకోవడం మంచిదే, మంట తగ్గుతుంది. కానీ దూరంలోకి చూసినప్పుడు కండరానికి వదులు కావాలన్న సంకేతం స్పష్టంగా అందుతుంది.

మా ఆఫీసులో కిటికీ లేదు, ఆరు మీటర్ల దూరం ఎక్కడిది అంటారు కొందరు. మళ్లీ లెక్కే చూడండి. మూడు మీటర్ల దూరంలోని గోడ గడియారాన్ని చూస్తే శ్రమ మూడో వంతు డయాప్టరు. రెండు మీటర్ల దూరంలోని బీరువాను చూసినా అర డయాప్టరే. స్క్రీన్ దగ్గరి రెండుతో పోలిస్తే బరువులో మూడొంతులు అక్కడే దిగిపోతుంది. హాలు చివర ఎగ్జిట్ బోర్డు, నడవా అవతలి తలుపు, ఏదైనా సరే. కాకపోతే ఊరికే అటు తిరిగితే చాలదు. అక్కడున్న అక్షరాన్నో అంచునో స్పష్టంగా చూడాలి. ఆలోచనలో పడి శూన్యంలోకి చూసే చూపులో ఫోకస్ దూరానికి వెళ్లిందన్న నమ్మకం లేదు. తలుపు మీది బోర్డు మొదట మసగ్గా ఉండి, రెండు మూడు సెకన్లలో తేటపడితే కండరం వదులైనట్టే. అది తేటపడ్డాక ఇంకొంతసేపు అక్కడే ఉండండి. ఆ కాసేపు నాలుగైదు సార్లు రెప్పలు పూర్తిగా మూసి తెరవండి. మామూలుగా నిమిషానికి పదిహేను ఇరవై సార్లు రెప్ప వేస్తాం. స్క్రీన్ చూసేటప్పుడు అది ఐదారుకు పడిపోతుంది, వేసినా సగమే మూసుకుంటుంది. ఏసీ గాలి ముఖానికి తగులుతుంటే కన్నీటి పొర ఇంకా త్వరగా ఆరిపోతుంది. ఇసుక పడ్డట్టు గరగర, మంట, రెప్ప వేయగానే తేటపడే మసక, ఇవి పొడిబారడం వల్ల వచ్చేవి. తలనొప్పితో కలిసి రావచ్చు కానీ కారణం వేరు, అద్దాలు వాటిని తగ్గించవు.

ఇప్పుడు మళ్లీ సునీత దగ్గరకు వద్దాం. ఆమె విరామాలు నిష్ఠగా పాటించారనుకుందాం. అరగంటకోసారి లేచి, బాల్కనీలోకి వెళ్లి, వీధి చివరి వేపచెట్టును చూశారు. రెండు వారాలైనా తలనొప్పి కొద్దిగా తగ్గిందే తప్ప పోలేదు. ఎందుకని? వేపచెట్టును చూస్తున్నప్పుడు కూడా ఆమె కన్ను 1.25 డయాప్టర్లు పని చేస్తూనే ఉంది. సైటు లేని కంటికి దూరం అంటే పూర్తి విశ్రాంతి. దాగిన ప్లస్ పవర్ ఉన్న కంటికి దూరం అంటే పని కాస్త తగ్గడం మాత్రమే. మెలకువగా ఉన్నంతసేపూ దానికి సున్నా అన్నదే లేదు.

అందుకే విరామాన్ని నేను చికిత్సగానే కాక పరీక్షగా కూడా చూస్తాను. రెండు వారాలు నిజాయితీగా పాటించి, నొప్పి ఏ రోజు, ఏ వేళకు వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. బాగా తగ్గితే కంటికి కావాల్సింది విశ్రాంతే, అది దొరికింది. నొప్పి తీరు పైన చెప్పిన కంటి గుర్తులకు సరిపోతూ, విరామాలు ఇచ్చినా తగ్గకపోతే, చార్టు ఏం చెప్పినా సరే పవర్ కొలిపించుకోవాలి. ఇప్పటికే అద్దాలు ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. దానికి కారణం కాసేపట్లో చెప్తాను.

ఆ కొలిపించుకోవడం ఎలా జరగాలన్నది తెలుసుకోవాలి, ఎందుకంటే తప్పు జరిగేది ఎక్కువగా అక్కడే. గడ్డం ఆనించి చూస్తే దూరంగా రోడ్డు చివర రంగుల బెలూన్ కనిపించే మెషీన్ ఉంటుంది కదా, అది ఆటోరిఫ్రాక్టర్. పవర్‌ను అంచనా వేసి చీటీ ఇస్తుంది. బొమ్మ దూరంలో ఉన్నట్టు కనిపించినా పెట్టె కళ్ల ముందే ఉందని మనసుకు తెలుసు, కన్ను తెలియకుండానే కొంచెం బిగుసుకుంటుంది. వయసులో ఉన్నవాళ్లలో, రోజంతా స్క్రీన్ చూసి వచ్చినవాళ్లలో ఈ బిగువు ఇంకా ఎక్కువ. ఫలితంగా ఉన్న ప్లస్ తక్కువగా కనిపిస్తుంది, కొన్నిసార్లు లేని మైనస్ వస్తుంది. ఆ చీటీనే ఆధారం చేసుకుని అద్దాలు ఇస్తే ప్లస్ కావాల్సిన కంటికి మైనస్ పడుతుంది. దూరం ఇంకా మెరుపుగా కనిపిస్తుంది కాబట్టి మొదటి రోజు బాగుందనే అనిపిస్తుంది. తలనొప్పి మాత్రం పెరుగుతుంది.

మెషీన్ చీటీ మొదటి మెట్టు మాత్రమే. తర్వాత ఆప్టోమెట్రిస్ట్ చీకటి గదిలో రెటినోస్కోప్ అనే చిన్న టార్చి లాంటి పరికరంతో కంట్లోకి వెలుగు వేసి, తిరిగొచ్చే వెలుగు కదలికను బట్టి పవర్ లెక్కగట్టాలి. ఆ తర్వాత కళ్లకు ఎక్కువ ప్లస్ పెట్టి చార్టును కావాలనే మసక చేసి, పావు చొప్పున తగ్గించుకుంటూ రావాలి. మసకలో ఉన్నప్పుడు కన్ను బిగుసుకుంటే చూపు ఇంకా మసకవుతుంది, కాబట్టి గత్యంతరం లేక వదులవుతుంది. అలా వదులైన కన్ను ఎంత ప్లస్‌తో చార్టు చివరి వరస చదవగలదో అదే ఆమె దాచుకున్న పవర్. అయినా అనుమానం మిగిలితే సైక్లోపెంటోలేట్ చుక్కలు వేసి, కండరాన్ని తాత్కాలికంగా సడలించి కొలుస్తారు. ఆ రోజు దగ్గరివి చదవలేరు, ఎండ చూడలేరు, బండి నడపకూడదు. తోడు ఎవరినైనా తీసుకెళ్లాలి. సెలవు రోజు పొద్దున్నే వెళ్లడం మేలు. దగ్గరి వస్తువు మీద రెండు కళ్లూ కలిసి నిలుస్తున్నాయా లేదా అన్నది కూడా అప్పుడే చూడమని అడగాలి. పెన్ను మొనను ముక్కు వైపు తెస్తుంటే ఏ దూరంలో రెండుగా కనిపించిందో కొలుస్తారు. పది సెంటీమీటర్లు దాటి అక్కడే రెండైపోతే లోపం పవర్‌లో కాదు, కళ్లు కలవడంలో ఉంది. దానికి అద్దాల కన్నా వ్యాయామాలు ముఖ్యం.

ఇదంతా పావుగంట, అరగంట పని. కంటి ఆసుపత్రిలో చేస్తారు, శిక్షణ పొందిన ఆప్టోమెట్రిస్ట్ ఉన్న మంచి షాపులో కూడా చేస్తారు. హైదరాబాద్ మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ చేయించుకోవచ్చు. వెళ్లేముందు ఒక చిన్న పని చేయండి. ఆఫీసులో మీరు మామూలుగా కూర్చునే తీరులో టేపు పెట్టి, కంటి నుంచి స్క్రీన్ ఎంత దూరమో, కాగితం ఎంత దూరమో కొలిచి రాసుకెళ్లండి. ‘కంప్యూటర్ పని అండీ’ అంటే పరీక్షించేవాళ్లు ఒక సగటు దూరం ఊహించుకుంటారు. రెండు మానిటర్లు పెట్టుకుని 75 సెంటీమీటర్ల దూరంలో కూర్చునేవాళ్లకూ, లాప్‌టాప్ మీదకు వంగి 40లో కూర్చునేవాళ్లకూ డయాప్టరుకు పైగా తేడా ఉంటుంది.

సునీతకు పరీక్షలో 1.25 బయటపడిందనుకుందాం. సాధారణంగా అంతా ఒకేసారి ఇవ్వరు. పుట్టినప్పటి నుంచీ బిగిసే ఉన్న కండరం ఒక్క రోజులో వదలదు. పూర్తి పవర్ పెడితే దూరం మసకగా కనిపించి అద్దాలు తీసి పక్కన పడేస్తారు. ప్లస్ 1.00 రాశారనుకోండి. స్క్రీన్ దగ్గర భారం 3.25 నుంచి 2.25కు దిగింది, హాయి గీత కిందకు వచ్చింది. బిల్లు దగ్గర 2.75, అదీ గీత లోపలే. మొదటి వారం దూరపు బోర్డులు కాస్త పొగమంచులో ఉన్నట్టు అనిపించవచ్చు. ఆఫీసులో పెట్టుకుని బయట తీసేస్తే సరిపోతుంది. ఇప్పుడు బాల్కనీలోంచి అద్దాలతో వేపచెట్టును చూస్తే కన్ను దాదాపు నిజమైన విశ్రాంతి పొందుతుంది. అద్దాలు వేసుకున్నాక విరామాలు పనిచేయడం మొదలవుతుందన్నది చాలామందికి తెలియని సంగతి. నెల రోజులు చూడాలి. కంటి శ్రమే కారణమైతే ఆలోపు తలనొప్పి స్పష్టంగా తగ్గాలి. ఏమీ తగ్గకపోతే కొత్త అద్దాల కోసం ఇంకో షాపు వెతకడం మానేసి, తలనొప్పిని ఫిజీషియన్‌కో న్యూరాలజిస్ట్‌కో చూపించాలి.

ఇప్పుడు ఇదివరకే మైనస్ అద్దాలు ఉన్నవాళ్ల సంగతి. కంటికి కావాల్సింది మైనస్ 2 అయితే, ఇంకా స్పష్టంగా ఉందని మైనస్ రెండున్నర తీసుకున్నవాళ్లు ఎందరో. పరీక్షలో ‘ఇదా, ఇదా, ఏది బాగుంది’ అని అడిగినప్పుడు నల్లగా చిన్నగా కనిపించే అక్షరాన్ని బాగుందనేస్తాం. ఆ అదనపు అర పవర్ కంటి మీద దాగిన ప్లస్ లాగే పనిచేస్తుంది, ప్రతి దూరంలోనూ అర డయాప్టరు ఎక్కువ మోయిస్తుంది. అద్దాలు మారిన వెంటనే తలనొప్పి మొదలైందంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద అక్షరాలు చూపించే పరీక్షలో ఆకుపచ్చ మీదివి మరీ నల్లగా కనిపిస్తే మైనస్ ఎక్కువైందని గుర్తు. తక్కువ మైనస్ ఉన్న కొందరు స్క్రీన్ ముందు అద్దాలు తీసేసి పని చేసుకుంటారు. మైనస్ 2 ఉన్న కంటికి అద్దాలు లేకుండానే అర మీటరు దగ్గర ఫోకస్ కుదురుతుంది, అక్కడ కండరానికి పనే లేదు. వాళ్ల హాయికి కారణం ఉంది, అందులో తప్పూ లేదు.

అదే సమయంలో మైనస్ పావు, ప్లస్ పావు రాసిచ్చి, దాని మీద బ్లూ లైట్ పూత వేసి వేలు తీసుకునే అద్దాల విషయంలో జాగ్రత్త. పావు పవర్ లోపం తలనొప్పి తెచ్చేంతది సాధారణంగా కాదు. నీలి కాంతిని ఆపే పూత గురించి 2023లో కోక్రేన్ సంస్థ పదిహేడు ప్రయోగాలను కలిపి పరిశీలించింది. మామూలు అద్దాలతో పోలిస్తే ఆ పూత కంటి అలసటను తగ్గించకపోవచ్చని తేల్చింది. స్క్రీన్ అలసట నీలి రంగుది కాదు, దూరానిది, రెప్పపాటుది. ఆ డబ్బుతో సరైన పరీక్ష చేయించుకోవచ్చు.

సునీత లాంటివాళ్లకు నలభై దగ్గర పడుతున్నకొద్దీ ఇంకో సంగతి తోడవుతుంది, చత్వారం. ఆ పాత సూత్రం ప్రకారమే నలభై రెండేళ్లకు కంటిలో మిగిలేది నాలుగున్నర, అందులో హాయిగా వాడుకోగలిగేది 2.25. సైటు లేనివాళ్లకు కూడా బల్ల మీది కాగితం అప్పుడు గీత దాటుతుంది. దాగిన ప్లస్ ఉన్నవాళ్లకు చత్వారం తోటివాళ్ల కన్నా కొన్నేళ్లు ముందే వచ్చినట్టు కనిపిస్తుంది. అప్పుడు అందరూ ప్రోగ్రెసివ్ అద్దాలు తీసుకుంటారు. అవి వీధిలో, ఇంట్లో బాగానే పనికొస్తాయి. కానీ వాటిలో చదివే పవర్ అద్దం అడుగున ఉంటుంది, స్క్రీన్ ఉండేది ఎదురుగా. ఆ కింది భాగంలోంచి స్క్రీన్ చూడటానికి గడ్డం పైకెత్తి గంటల తరబడి కూర్చుంటారు. నొప్పి ఈసారి మెడ వెనక మొదలై నడినెత్తికి పాకుతుంది. దానికి మందు మరో జత అద్దాలే. స్క్రీన్ దూరానికే కొలిచి చేయించుకున్న, ఆఫీసు బల్ల మీదే ఉంచుకునే ఒంటి పవర్ జత. స్క్రీన్ పై అంచు కంటికి సమానంగా కానీ, కాస్త కిందగా కానీ ఉండేలా మానిటర్ దించుకుంటే గడ్డం ఎత్తాల్సిన అవసరం ఇంకా తగ్గుతుంది, రెప్పలు కొంత వాలి కన్ను ఆరడమూ తగ్గుతుంది. ఆ జతకు పవర్ నిర్ణయించేది కూడా మీరు టేపుతో కొలిచి రాసుకెళ్లిన దూరమే. నలభై దాటాక రెండేళ్లకోసారి అది మళ్లీ కొలిపించుకోవాల్సి ఉంటుంది.